లిరికల్ వీడియో: లైన్లు బీట్ మీద పెట్టాలా, గొంతు వెంట పెట్టాలా?

తెలుగు పాటకి లిరికల్ వీడియో చేసేటప్పుడు టైమ్‌లైన్ మీద లైన్లు పేర్చడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. పాట బీపీఎం, అంటే నిమిషానికి ఎన్ని బీట్లో తెలుసుకుని, బీట్ బీట్‌కీ మార్కర్లు పెట్టుకుని, ప్రతి లైన్‌నీ దగ్గర్లో ఉన్న బీట్‌కి అతికించేయడం ఒకటి. పాట వింటూ, గాయకుడు లైన్ ఎత్తుకున్న చోటల్లా మార్కర్ కొట్టుకుంటూ పోవడం రెండోది. నా ఓటు రెండోదానికే, మొదటిదానికి వేరే పని ఉంది.

బీట్ పద్ధతి మొదట్లో చాలా హాయిగా ఉంటుంది, ఎందుకంటే లెక్క కట్టేస్తే చాలు, పాట మొత్తం వినక్కర్లేదు. ఉదాహరణకి 96 బీపీఎం పాట తీసుకుందాం. ఒక బీట్ 0.625 సెకన్లు. ముందు 16 బీట్ల మ్యూజిక్ ఉందనుకోండి, అంటే పల్లవి మొదటి దెబ్బ సరిగ్గా 10వ సెకను దగ్గర, సెకనుకి 30 ఫ్రేముల ప్రాజెక్టులో అయితే 300వ ఫ్రేము దగ్గర పడుతుంది. లైన్ "వానొచ్చి తడిపింది వాకిలంతా" అనుకుందాం. బీట్ మార్కర్ల గ్రిడ్ ప్రకారం దాన్ని 300 దగ్గర పెడతాం. కానీ మన పాటల్లో ఎత్తుగడ ఎప్పుడూ దెబ్బ మీదే ఉండదు కదా. ఇక్కడ గాయకుడు "వా"ని అర బీట్ ముందే అందుకుని "నొచ్చి" దగ్గర దెబ్బ మీదకి వస్తాడు. అర బీట్ అంటే సుమారు 9 ఫ్రేములు. తెర మీద లైన్ వచ్చేసరికి మొదటి అక్షరం పాడేశాడు, చూసేవాళ్ళు వెనకపడి చదువుకుంటారు. గొంతు వెంట వెళ్తే ఇదే లైన్ 291 దగ్గర మొదలవుతుంది, చదవడానికి కాస్త వీలుగా ఇంకో 5 ఫ్రేములు ముందుకి జరిపి 286 దగ్గర పెడితే కంటికీ చెవికీ కుదురుతుంది. ఫేడ్ ఇన్ వాడితే అది కూడా గొంతు మొదలయ్యేలోపే పూర్తవ్వాలి, సగం కనిపించే అక్షరాలతో లైన్ మొదలైతే ఆ 5 ఫ్రేములూ వృథా.

గ్రిడ్‌తో ఇంకో చిక్కు ఫ్రేముల లెక్క. 30 ఫ్రేముల ప్రాజెక్టులో ఆ బీట్ 18.75 ఫ్రేములు. సగం ఫ్రేము ఉండదు కాబట్టి చాలామంది 19 పెట్టేసి కాపీ పేస్ట్ చేసుకుంటూ పోతారు. బీట్‌కి పావు ఫ్రేము తేడా అంటే ఏముందిలే అనిపిస్తుంది గానీ, 120 బీట్లు దాటేసరికి, అంటే 75 సెకన్లకే, లైన్లు ఒక సెకను ఆలస్యమైపోతాయి. నాలుగు బీట్లకి కలిపి 75 ఫ్రేములు అని లెక్క వేసుకుంటే ఈ బాధ పోతుంది. కానీ లయ తప్పకుండా చెవిలో టిక్ టిక్ మనే క్లిక్ ట్రాక్ లేకుండా అందరూ కూర్చుని వాయించిన పాటకి, పల్లెపాటల లైవ్ రికార్డింగ్‌కి ఏ లెక్కా నిలవదు, చరణంలో లయ కాస్త ఊపందుకుంటే గ్రిడ్ అక్కడితో సరి.

అలాగని గొంతు పద్ధతిలో తలనొప్పులు లేవని కాదు. డావిన్చీ రిజాల్వ్ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాట ప్లే చేస్తూ `M` కొడుతూ పోతే మార్కర్లు పడతాయి, కానీ విని కొట్టేసరికి వేలు ఎప్పుడూ కొంచెం వెనకే ఉంటుంది. అందుకే మార్కర్లని వేవ్‌ఫామ్ పెద్దది చేసుకుని ఒకసారి సరిచూసుకోవాలి. డప్పులు, డ్రమ్స్ గట్టిగా ఉన్న పాటలో వేవ్‌ఫామ్‌లో గొంతు కనపడదు, అక్కడ ఒక్కో ఫ్రేము జరుపుకుంటూ చెవితో పట్టుకోవాల్సిందే. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ మాత్రం ఈ పనికి వద్దు, అందులో శబ్దం ఆలస్యంగా వస్తుంది, వైరువే వాడండి.

పదం పదం విడిగా తెప్పించాలంటే బీట్ మీద మనసు పోతుంది. మాస్ పాట హుక్ లైన్ దగ్గర, నిజంగా దెబ్బకో మాట పడుతుంటే, అది అదిరిపోతుంది, అక్కడ నేనూ బీటే వాడతాను. మెలోడీలో మాత్రం వద్దు. "వాకిలంతా" అన్న మాటని గాయకుడు మూడు బీట్లు సాగదీశాడని "వాకి" ఒక దెబ్బకి, "లంతా" ఇంకో దెబ్బకి తెప్పిస్తే మాట విరిగి, చదివేవాళ్ళకి అర్థం చెదిరిపోతుంది. మాట మొత్తం ఒకేసారి రానిచ్చి, రంగు మాత్రం గొంతుతో పాటు నెమ్మదిగా నిండేలా చేయండి. అక్షరం అక్షరం యానిమేషన్ అయితే ముందు "నొచ్చి" లాంటి ఒత్తున్న మాట మీద పరీక్షించండి, కొన్ని సాఫ్ట్‌వేర్లు ఒత్తుని విడదీసి "చ్", "చి" అని వేరువేరుగా చూపిస్తాయి.

కాబట్టి నేను చేసేది ఇది: లైన్లన్నీ గొంతుకి, బ్యాక్‌గ్రౌండ్ మార్పులు, కట్‌లు, జూమ్‌లు బీట్‌కి. ఎక్స్‌పోర్ట్ చేసే ముందు పల్లవి, ఆఖరి చరణం రెండే చూస్తాను. రెండు చోట్లా ఒకే ఆలస్యం ఉంటే అది వేలిదో ఇయర్‌ఫోన్‌దో, లైన్లన్నీ సెలెక్ట్ చేసి ఒకేసారి ముందుకి జరిపితే సరిపోతుంది. పల్లవి బాగుండి చివరికి జారిపోతే ఎక్కడో లైన్లు గ్రిడ్ లెక్కతో పెట్టేసినట్టే, జరిపితే పోదు, చరణం నుంచి మళ్ళీ మార్కర్లు కొట్టుకోవాలి.