మిద్దె మీద సోలార్: వానకు, పిడుగుకు మా ఇంట్లో ఏం జరిగింది

తిరుపతిలో మా మిద్దె మీద 2022లో మూడు కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ సోలార్, అంటే బ్యాటరీ లేకుండా లైన్ కరెంటుకే కలిపేది, పెట్టించాం. ఒక్కోటి 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, అన్నీ ఒకే వరసగా కలిపారు. పెట్టించినప్పటి నుంచి చుట్టుపక్కల వాళ్లు అడిగేవి అవే ప్రశ్నలు. వానకు షాక్ కొడుతుందా, పిడుగు పడుతుందా, మబ్బు పడితే వేస్టేనా?

వాన సంగతి మాకు బాగా తెలిసింది 2023 డిసెంబరులో, మిచౌంగ్ తుపాను తర్వాత. తెల్లారి సోలార్ ఇన్వర్టర్‌లో ఎర్ర లైటు వెలిగింది, స్క్రీన్ మీద Isolation Fault అని వచ్చింది, అంటే ప్యానెళ్ల వైర్ల నుంచి ఎక్కడో కరెంటు ఎర్త్‌లోకి లీకవుతోందని. పదిన్నరకు కాస్త ఎండ రాగానే దానంతట అదే మొదలైంది. మర్నాడు పొద్దున మళ్లీ అదే తంతు. పెట్టిన కంపెనీకి ఫోన్ చేస్తే మనిషి మధ్యాహ్నం వచ్చాడు. అప్పటికి అంతా ఆరిపోయింది, ఏమీ దొరకలేదు, "బాగానే ఉంది సార్" అని వెళ్లిపోయాడు. ఇలాంటి ఫాల్ట్ తడిలోనే పట్టుకోవాలి. తర్వాత తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పొద్దున్నే పిలిచాం.

ఆయన డీసీ స్విచ్ ఆపి, గ్లోవ్స్ వేసుకుని మల్టీమీటర్ పెట్టాడు. ప్లస్, మైనస్ మధ్య సుమారు 290 వోల్టులు, అంటే ప్యానెల్‌కు 48 చొప్పున. ప్లస్ నుంచి ఎర్త్‌కు చూస్తే 96 వచ్చింది, మైనస్ నుంచి ఎర్త్‌కు 190కి పైన. ఏ లీకూ లేకపోతే ఈ రెండూ ఇలా నిలకడగా ఉండవు. 96 అంటే సరిగ్గా రెండు ప్యానెళ్లు. "ప్లస్ వైపు నుంచి రెండో దానికీ మూడో దానికీ మధ్య చూడన్నా" అని కిందికి వంగి చేయి చూపించాడు. వైరును కట్టిన తెల్ల ప్లాస్టిక్ ట్యాగు ఎండకు పెళుసై విరిగిపోయింది. కనెక్టర్ మిద్దె మీద నిలిచిన నీళ్లలో పడి ఉంది. జత మార్చి, స్టీలు క్లిప్పులతో ఫ్రేముకు కట్టాడు. ఆ తర్వాత వానల్లో మళ్లీ రాలేదు. కొత్తగా పెట్టించేవాళ్లు ప్యానెళ్ల కింద వైర్లు నేలకు తగలకుండా ఉన్నాయేమో ఒక్కసారి చూసుకోవాలి. మా ఊళ్లో కోతులు కూడా వైర్లు లాగుతాయి, అదొక గొడవ.

ఈ ఫాల్ట్ వల్లే షాక్ భయానికి కూడా జవాబు దొరికింది. లీక్ కనపడగానే ఇన్వర్టర్ మొదలవ్వడానికి ఒప్పుకోలేదు, ఫ్రేములన్నీ ఎర్త్‌కు కలిపి ఉన్నాయి. మా అమ్మ ఆ పక్కనే వడియాలు ఎండబెట్టుకుంటుంది, ఏనాడూ ఏమీ కాలేదు. కానీ ఒకటి మాత్రం చెప్పాలి. కరెంటు పోయినా, మెయిన్ ఆపినా, ఎండ ఉన్నంతసేపు ప్యానెల్ వైర్లలో ఆ వోల్టేజి ఉంటూనే ఉంటుంది. పగిలిన ప్యానెల్‌నీ ఊడిన కనెక్టర్‌నీ మనం ముట్టుకోకూడదు. ఇన్వర్టర్ నడుస్తుండగా కనెక్టర్ పీకితే నిప్పు లేస్తుంది.

పిడుగును ప్యానెళ్లు పిలవవు. ఎత్తయిన చోటు ఏదైనా పిడుగుకు ఒకటే. అసలు ఇబ్బంది దగ్గర్లో పడ్డ పిడుగు వల్ల వైర్లలోకి వచ్చే దెబ్బ. దాన్ని ఎస్‌పీడీ అనే చిన్న డబ్బా ఎర్త్‌లోకి పంపుతుంది. దాని కిటికీలో ఆకుపచ్చ రంగు ఉంటే పనిచేస్తున్నట్టు, ఎర్రగా మారితే మార్చాలి. మాది ఒక మే నెల ఉరుముల వాన తర్వాత ఎర్రబడింది, ఇన్వర్టర్ మాత్రం దెబ్బ తినలేదు. ఇక్కడి రాతి నేలలో ఎర్త్ గుంత ఎండాకాలం ఎండిపోతుంది, అప్పుడప్పుడు నీళ్లు పోస్తున్నాం.

రేడియేషన్ అని మా పక్కింటి అక్క చాలా టెన్షన్ పడింది. ప్యానెల్ వెలుతురు తీసుకుని డీసీ కరెంటు ఇస్తుంది, అంతే. ఇన్వర్టర్ చుట్టూ ఉండే విద్యుదయస్కాంత క్షేత్రం రెండడుగులు జరిగితే బాగా తగ్గిపోతుంది. ఎక్స్‌రే లాంటిది కాదు.

మబ్బు రోజుల్లో మాత్రం ఆశలు తగ్గించుకోవాలి. ఏప్రిల్‌లో రోజుకు 13 యూనిట్ల దాకా వస్తాయి. పల్చటి మబ్బుంటే ఆరేడు, తుపాను ముసురు పడితే ఒకటో రెండో. నవంబరు, డిసెంబరుల్లో బిల్లు కట్టాల్సి వచ్చింది. నాకు నచ్చనిది ఇంకోటి ఉంది. గాలివానకు లైన్ కరెంటు పోతే, ఎండ ఉన్నా సరే ఇదీ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అలా చేశారు, తప్పు పట్టలేం. కాబట్టి మా ఇంట్లో పాత బ్యాటరీ ఇన్వర్టర్ ఇంకా తీసెయ్యలేదు.