పదిహేనేళ్ల పీపీఎఫ్: చివరికి చేతికి వచ్చింది ఎంతంటే

2010 మార్చి ఆఖర్లో ఆఫీసులో అకౌంట్స్ వాళ్లు ట్యాక్స్ ప్రూఫులు అడుగుతుంటే హడావిడిగా వెళ్లి రూ. 50,000 కట్టి పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్, అదే పీపీఎఫ్ ఖాతా తెరిచాను. అప్పట్నుంచి ఏటా అదే 50,000, ఒక్క ఏడాది కూడా ఎగ్గొట్టలేదు. 2025 మార్చి 31న ఆఖరి వడ్డీ పడ్డాక పాస్‌బుక్‌లో ఉన్నది సుమారు రూ. 15.36 లక్షలు. నేను కట్టింది 8 లక్షలు.

పదిహేనేళ్లకి ఏడున్నర లక్షలే కదా కట్టేది, ఎనిమిది ఎలా అయిందని మా ఆవిడ కూడా అడిగింది. ఖాతా తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగిశాక, అక్కడి నుంచి పదిహేనేళ్లు లెక్క. నేను తెరిచింది 2009-10లో కాబట్టి గడువు 2025 మార్చి 31కి తీరింది, ఈలోగా పదహారు వాయిదాలు పట్టాయి. నెట్‌లో ఉండే కాలిక్యులేటర్లలో ఏటా 50,000, 7.1 శాతం అని కొడితే 13.56 లక్షలు చూపిస్తాయి. అవి పదిహేను వాయిదాలే, అన్నీ ఏప్రిల్ మొదట్లోనే కట్టినట్టు, వడ్డీ రేటు ఎప్పుడూ మారనట్టు వేసుకుంటాయి. నిజం ఖాతా అలా నడవదు.

నేను చేసిన తప్పు చెప్తాను. వడ్డీని నెలనెలా లెక్కేస్తారు, ఆ నెల 5వ తేదీకీ నెలాఖరుకీ మధ్య ఖాతాలో ఉన్న అతి తక్కువ నిల్వ మీద, కానీ అసలులో కలిపేది మాత్రం ఏడాదికోసారి, మార్చి 31న. 2011 నుంచి 2014 వరకు నాలుగు వాయిదాలు మార్చి ఆఖర్లోనే కట్టాను, ప్రూఫ్ అడిగినప్పుడే గుర్తొచ్చేది మరి. అంటే ఆ డబ్బుకి ఆ ఏడాది పైసా వడ్డీ లేదు. ఏటా పోయింది నాలుగు వేల చిల్లరే, అప్పుడు పెద్దగా అనిపించలేదు, కానీ అది చక్రవడ్డీతో 2025కి ఎంతయ్యేదో కూర్చుని వేస్తే సుమారు 43 వేలు తేలింది! 2014 మార్చిలో కట్టి, మళ్లీ ఏప్రిల్ 3న ఇంకో 50,000 కట్టి దారిలో పడ్డాను, ఆ నెల ఇల్లు నడపడానికి మా బావమరిది దగ్గర చేబదులు తీసుకోవాల్సి వచ్చింది. అలాగని 5వ తేదీ దాటితే కొంపలేం మునగవు, ఏప్రిల్ 6న కడితే పోయేది ఒక్క నెల వడ్డీ, 50,000 మీద మూడొందల లోపే.

అసంతృప్తి ఉన్నది రేటు దగ్గర. తెరిచినప్పుడు 8 శాతం, 2012-13లో 8.8 దాకా వెళ్లింది, తర్వాత తగ్గుతూ వచ్చి 2020 ఏప్రిల్ నుంచి 7.1 దగ్గర ఆగిపోయింది. ఎఫ్‌డీలా చేరిన రోజు రేటే ఆఖరి దాకా ఉండదు, కొత్త రేటు మొత్తం నిల్వకీ వర్తిస్తుంది. కాబట్టి నాకు మంచి రేటు వచ్చిన రోజుల్లో ఖాతాలో ఉన్నది లక్షన్నర, ఖాతా పద్నాలుగు లక్షలకి చేరేసరికి రేటు 7.1. ఆఖరి ఏడాది వడ్డీ సుమారు 1.02 లక్షలు పడింది, అంటే ఆ ఏడాది నేను కట్టినదానికి రెట్టింపు, అదే 8.8 ఉండుంటే ఇంకో 24 వేలు వచ్చేవి. మొదటి ఏడాది వడ్డీ నాలుగు వేలు అని పాస్‌బుక్‌లో చూసుకుని ఇదేం పథకంరా అనుకున్నవాణ్ణి నేనే.

పన్ను మాత్రం చెప్పినట్టే జరిగింది. 7.36 లక్షల వడ్డీ మీద ఒక్క రూపాయి పన్ను లేదు, టీడీఎస్ గొడవా లేదు. ఇప్పుడు కొత్త పన్ను విధానంలోకి మారాను కాబట్టి కట్టిన డబ్బుకి ఇచ్చే 80సీ మినహాయింపు నాకు పనికిరాదు, వడ్డీకి మాత్రం మినహాయింపు అలాగే ఉంది.

గడువు తీరాక ఖాతా మూసేయక్కర్లేదు. వాయిదాలు కడుతూ ఇంకో ఐదేళ్లు పొడిగించాలంటే గడువు తీరిన ఏడాదిలోపు ఫారం 4 ఇవ్వాలి. ఫారం ఇవ్వకుండా ఊరికే డబ్బు వేస్తూ పోతే ఆ డబ్బుకి వడ్డీ రాదు, ఇది చాలామందికి తెలీదు. నేనైతే ఇక కట్టదలచుకోలేదు, ఏమీ ఇవ్వకుండా వదిలేశాను. ఉన్న నిల్వకి వడ్డీ నడుస్తూనే ఉంటుంది, ఏడాదికోసారి ఎంత కావాలంటే అంత తీసుకోవచ్చు.

జూన్‌లో అమ్మాయి కాలేజీ ఫీజుకని 5 లక్షలు తీశాను, 27వ తేదీన. ఫీజు గడువు జులై 10 దాకా ఉంది. నాలుగు రోజులాగి జులై మొదట్లో తీసుంటే జూన్ నెల వడ్డీ మొత్తానికీ వచ్చేది, ఇప్పుడు ఆ 5 లక్షల మీద దాదాపు మూడు వేలు పోయాయి. పదకొండేళ్లుగా 5వ తేదీ 5వ తేదీ అని ఇంట్లో అందరి చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరింది నేనే.