మాక్ టెస్ట్ తప్పుల షీట్: ఆ ఒక్క కాలమ్ కోసమే ఇంకా వాడుతున్నా

మాక్ టెస్టులో పోయిన ప్రశ్నలన్నీ ఒక షీట్‌లో రాసుకోమని అందరూ చెప్తారు. టాపిక్, సరైన జవాబు, పట్టిన సమయం... ఈ కాలమ్స్ నింపడం నేను ఎప్పుడో మానేశాను. నేను వదలనిది ఒక్కటే: "నేను పెట్టిన ఆప్షన్ నాకెందుకు కరెక్ట్ అనిపించింది?"

దీని మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం టెస్ట్ సిరీస్ వాళ్లిచ్చే రిపోర్టు మీద కోపమే. లాభనష్టాలు వీక్, కాలం-దూరం వీక్, శాతాలు పర్వాలేదు అని రంగురంగుల బార్లు చూపిస్తుంది. అది నమ్మి ఆ రెండు చాప్టర్లూ మొదటి నుంచి చదివాను. సూత్రాలన్నీ వచ్చినవే. మార్కులు మాత్రం కదల్లేదు.

ఆ తర్వాత ఈ కాలమ్‌లో రాసుకున్నవి వరసగా చదివితే మూడు లెక్కలు ఒకచోట చేరాయి. రాము జీతం సోము జీతం కంటే 25 శాతం ఎక్కువైతే, సోముది రాము కంటే ఎంత శాతం తక్కువ? నేను 25 పెట్టాను, జవాబు 20. అమ్మిన ధర మీద 20 శాతం లాభమైతే, కొన్న ధర మీద ఎంత? నేను 20 పెట్టాను, జవాబు 25. వెళ్లేటప్పుడు గంటకు 40 కిలోమీటర్లు, అదే దారిలో వచ్చేటప్పుడు 60 అయితే సగటు వేగం? నేను 50 పెట్టాను, జవాబు 48.

రిపోర్టు దృష్టిలో ఇవి మూడు వేర్వేరు చాప్టర్లు. నా కాలమ్‌లో మాత్రం "తేడా అంతే కదా", "20 అని ఇచ్చాడు కదా", "రెండిటికీ మధ్యలోది" అని ఉంది. మూడింటిలోనూ నేను అడగని ప్రశ్న ఒకటే: దేని మీద? సోము జీతం 100 అనుకుంటే రాముది 125. ఆ 25ని ఇప్పుడు 125 మీద చూడాలి. అమ్మిన ధర 100 అయితే లాభం 20, కొన్నది 80. ఆ 20ని 80 మీద లెక్కేయాలి. వేగంలో భాగించాల్సింది మొత్తం కాలంతో. దారి 120 కిలోమీటర్లనుకుంటే వెళ్లడానికి 3 గంటలు, రావడానికి 2 గంటలు, మొత్తం 240 కిలోమీటర్లకు 5 గంటలు.

అందుకని చాప్టర్లు పక్కనపెట్టి, కలగాపులగంగా ఉన్న ప్రశ్నలు తీసుకుని, లెక్క చేయకుండా ప్రతిదాని పక్కన "దేని మీద" అన్నది మాత్రమే రాస్తూ పోయాను. బోరింగ్ పనే గానీ, పనిచేసింది.

పనిచేసింది అన్నానా, కొంచెం ఆగాలి. వారం తర్వాత అవే లెక్కలు మళ్లీ చేస్తే అన్నీ కరెక్టే. తర్వాతి మాక్‌లో వచ్చింది: ధర 20 శాతం తగ్గితే అదే డబ్బుకు ఎంత శాతం ఎక్కువ సరుకు వస్తుంది? మళ్లీ 20 పెట్టాను, జవాబు 25. పాత లెక్కల్లో నాకు గుర్తున్నది జవాబులే, పద్ధతి కాదు. అప్పటినుంచి పాత ప్రశ్నతో పరీక్షించుకోవడం మానేశాను. అంకెలు మార్చి, ప్రశ్నను తిరగేసి రాసుకుంటాను: ధర 25 శాతం పెరిగితే ఖర్చు పెరగకుండా వాడకం ఎంత తగ్గించాలి? (20 శాతం.) అది వచ్చినప్పుడే ఆ వరుస కొట్టేస్తాను.

ఇంకో చిక్కు ఉంది. సొల్యూషన్ చూశాక ఈ కాలమ్ నింపితే అంతా అబద్ధమే వస్తుంది. "సిల్లీ మిస్టేక్, తొందరలో చేశా" అని చెయ్యి దానంతటదే రాసేస్తుంది. అందుకే సొల్యూషన్ తెరవకముందే, టైమర్ లేకుండా, తెల్లకాగితం మీద మళ్లీ చేస్తాను. అప్పుడు వస్తే అది తొందరే. అప్పుడూ రాకపోతే విషయమే రాదన్నమాట. పరీక్షలో గుడ్డిగా పెట్టి కరెక్టయిన వాటికీ ఇదే వర్తిస్తుంది. నాలుగు ఆప్షన్లలో ఊరికే పెట్టినా నాలుగోవంతు తగులుతాయి, రిపోర్టు వాటిని బలం కింద రాసేస్తుంది. అందుకే అనుమానమున్న ప్రశ్నల నంబర్లు టెస్ట్ రాసేటప్పుడే పక్కన గుర్తు పెట్టుకుంటాను.

జనరల్ నాలెడ్జ్‌కి మాత్రం ఈ కాలమ్ దాదాపు దండగ. "తెలీదు" తప్ప రాయడానికేం ఉండదు. ఒక్క మాక్ చూసి నిర్ణయానికి రావడం కూడా కుదరదు. ఒక టాపిక్ నుంచి మూడే ప్రశ్నలొస్తే, ఒక్కటి పోయినా 67 శాతానికి పడిపోతుంది. నాలుగైదు మాక్‌లవి కలిపితేనే ఏదైనా కనిపిస్తుంది.

నా పరీక్షలో లెక్కలు, రీజనింగ్ ఎక్కువ. చేతిలో నెలలున్నాయి. మాక్ రాసినంత సేపూ దాని మీద మళ్లీ కూర్చునే వీలుంది. ఇవన్నీ ఉన్నవాళ్లకైతే ఈ కాలమ్ వాడమంటాను. పరీక్ష వచ్చే వారమే అయితే కొత్తగా మొదలుపెట్టమని చెప్పలేను. అనుమానమున్న నంబర్లకు గుర్తు పెట్టుకోవడం ఒక్కటే చాలు.