సిగ్నల్ లేని సెల్లార్లలో ఈ సర్వీస్ యాప్: ‘పంపాల్సినవి’ పేజీ కోసమే నా మార్కులు

జనరేటర్ల సర్వీసు నా పని. ఏ చోట ఏ సర్వీసు చేయాలో ఒక్కో పనినీ ఒక్కో టికెట్‌గా పంపడానికి మా ఆఫీసు ఇచ్చిన ఈ యాప్‌ను ఏడాదికి పైగా రోజూ వాడుతున్నాను. పొద్దున్నే టికెట్లు దిగుతాయి, బయలుదేరాను, చేరాను, మొదలుపెట్టాను, పూర్తయింది అని నొక్కుకుంటూ పోవాలి. ఇవన్నీ అన్ని యాప్‌లలోనూ ఉండేవే కాబట్టి వాటి జోలికి వెళ్లను. నేను రాయాలనుకున్నది ఒక్క పేజీ గురించి. మెనూలో అడుగున ‘పంపాల్సినవి’ అని ఉంటుంది. మొదటి నెలల్లో నేను దాన్ని తెరిచి చూసిందే లేదు. ఇప్పుడు ఆ పేజీ లేని యాప్‌తో పని చేయమంటే నాకు చాలా కష్టం.

జనరేటర్ అంటే ఎక్కువగా సెల్లార్‌లోనే ఉంటుంది. రెండో సెల్లార్‌కు దిగితే ఫోనుకు సిగ్నల్ ఉండదు. అక్కడ నేను నొక్కే ప్రతి బటన్ ముందు ఫోనులోనే నమోదై, వరుసలో నిలబడి, పైకి వచ్చాక ఒక్కొక్కటిగా సర్వర్‌కు వెళ్తుంది. కొత్తలో దీన్ని చూసి, సిగ్నల్ లేకపోయినా పని ఆగదని తోటివారందరికీ గట్టిగా చెప్పాను. ఆ మాట ఇప్పటికీ నిజమే. కాకపోతే ఆగనిది నా పని మాత్రమే. నేను కింద ఉన్నంతసేపూ ఆఫీసు తెర మీద నా టికెట్ ఉన్నచోటే ఉండిపోతుంది. ఈ తేడా నాకు బాగా తెలిసొచ్చిన రోజు ఒకటుంది.

ఆ రోజు ఒక పెద్ద భవనంలో సర్వీసు. పది గంటలకు కిందికి దిగాను. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ మార్చి, రేడియేటర్‌లో కూలెంట్ చూసి, బ్యాటరీ వోల్టేజీ కొలిచి, కాసేపు లోడు మీద నడిపి రీడింగులు రాసుకున్నాను. అక్కడి సూపర్‌వైజర్ ఫోను తెర మీదే సంతకం పెట్టారు. పన్నెండున్నరకు ‘పూర్తయింది’ నొక్కాను. ఫోనులో టికెట్ పక్కన పచ్చ రంగు టిక్కు పడింది.

పైన జరిగింది వేరు. ఆఫీసులో నా టికెట్ ‘బయలుదేరారు’ దగ్గరే ఆగి ఉంది. పదకొండున్నరకు భవనం మేనేజరు ఫోను చేసి ఇంకా ఎవరూ రాలేదేమని అడిగారట. నేను సెల్లార్‌లో ఉన్న సంగతి ఆయనకు తెలియదు. నా ఫోను కలవకపోయేసరికి మా కోఆర్డినేటర్ టికెట్‌ను ఇంకో టెక్నీషియన్ పేరు మీదికి మార్చారు. నేను మెట్లెక్కి గేటు దగ్గరికి వచ్చేసరికి ఆ టెక్నీషియన్ పనిముట్ల సంచితో లోపలికి వస్తున్నారు. అదే సమయంలో నా ఫోనుకు సిగ్నల్ వచ్చింది. యాప్ సర్వర్ నుంచి కొత్త జాబితా తెచ్చుకుంది, అందులో ఆ టికెట్ లేదు. రెండున్నర గంటల పని, రీడింగులు, సంతకం, అన్నీ నా కళ్లెదుటే మాయమయ్యాయి.

కోఆర్డినేటర్‌కు ఫోను చేశాను. “అన్నా, ఆ టికెట్ ఇప్పుడు మీ పేరు మీద లేదు. అందుకే మీ నుంచి వచ్చిన స్టేటస్‌ను సర్వర్ వెనక్కి పంపేసి ఉంటుంది. ‘పంపాల్సినవి’ తెరిచి చూడండి” అన్నారు ఆయన.

తెరిచాను. నేను నొక్కినవన్నీ నొక్కిన వరుసలోనే అక్కడున్నాయి. చేరినది, మొదలుపెట్టినది, చెక్‌లిస్టు, రీడింగులు, సంతకం, పూర్తయినది, ఒక్కటీ పోలేదు. ప్రతి దాని ఎదుట ఎర్ర అక్షరాల్లో ‘అంగీకరించలేదు: టికెట్ వేరొకరికి కేటాయించారు’ అని కారణం ఉంది. ఆ పక్కనే రెండు సమయాలున్నాయి. ఒకటి నేను నొక్కిన సమయం, రెండోది సర్వర్‌కు పంపిన సమయం. కోఆర్డినేటర్ టికెట్‌ను తిరిగి నా పేరు మీదికి మార్చారు. నేను ‘మళ్లీ పంపు’ నొక్కాను. నిమిషంలోపే అన్నీ వెళ్లాయి. ఆఫీసు రికార్డులో పని ముగిసిన సమయం పన్నెండున్నరగానే పడింది, ఒంటిగంట దాటాక పంపినా సరే.

నాకు ఈ యాప్ మీద ప్రేమ పుట్టింది అక్కడే. మేము అంతకుముందు వాడిన యాప్ సర్వర్‌కు చేరిన సమయాన్నే పని సమయంగా రాసుకునేది. మధ్యాహ్నం ముగించిన పని సాయంత్రం ముగిసినట్టు కనిపించేది, ఆలస్యం ఎందుకయిందో సంజాయిషీ మేము ఇచ్చుకోవాల్సి వచ్చేది. సర్వర్ ఒప్పుకోని వాటిని చెప్పాపెట్టకుండా చెరిపేసేది కూడా. ఇక్కడ ఒప్పుకోనిదీ కారణంతో సహా నా చేతిలోనే ఉంటుంది. ఒక్క జాగ్రత్త చాలు: ఫోను గడియారం నెట్‌వర్క్ ఇచ్చే సమయం మీదే ఉండాలి. చేత్తో మార్చి పెట్టుకుంటే నొక్కిన సమయం కూడా తప్పుగానే పడుతుంది.

ఇక నా ఫిర్యాదు, ఆ పచ్చ టిక్కు. ‘ఫోనులో దాచాను’ అన్నా అదే టిక్కు, ‘సర్వర్‌కు చేరింది’ అన్నా అదే టిక్కు. ఈ రెండింటికీ వేర్వేరు గుర్తులు పెట్టకపోవడం నన్ను ఇప్పటికీ చికాకు పెడుతోంది. ఫొటోల విషయంలో ఇది మరీ ఇబ్బంది. స్టేటస్, రీడింగులు అంటే కొద్దిపాటి అక్షరాలు, ఇట్టే వెళ్లిపోతాయి. ఫొటో ఒక్కొక్కటి మూడు నాలుగు ఎంబీలు ఉంటుంది. టికెట్ ముగిసిపోయినట్టు కనిపిస్తుంది కానీ పాత ఫిల్టర్, కొత్త ఫిల్టర్ ఫొటోలు ఇంకా ఫోనులోనే ఉంటాయి. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచీ తెర ఆపిన ఫోను, జేబులో కదులుతున్నా సరే, బ్యాటరీ ఆదా కోసం వెనుక నడిచే పనులను వాయిదా వేస్తుంది. జేబులో పెట్టుకుని బండి మీద వెళ్లే దారిలో ఫొటోలు వాటంతట అవే వెళ్తాయనుకోవడానికి లేదు. ఫోను సెట్టింగుల్లో ఈ యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేశాక చాలావరకు మెరుగైంది. అయినా తర్వాతి చోటికి బయలుదేరే ముందు ‘పంపాల్సినవి’ తెరిచి, ఫొటోల వరుస ఖాళీ అయ్యేదాకా తెర ఆర్పకుండా నిలబడుతున్నాను.

అసలు సిగ్నల్ లేకపోవడం కన్నా ఒక్క గీత సిగ్నల్ ఎక్కువ విసిగిస్తుంది. మొదటి సెల్లార్‌లో అదే పరిస్థితి. ఫోను నెట్ ఉందనే అంటుంది, యాప్ ఫొటో పంపడం మొదలుపెడుతుంది, సగంలో తెగుతుంది, మళ్లీ మొదటి నుంచి పంపుతుంది. బ్యాటరీ కరిగిపోతుంది, తెర కూడా నెమ్మదిస్తుంది. అందుకే దిగే ముందు కోఆర్డినేటర్‌కు ఒక మాట చెప్పి ఫ్లైట్ మోడ్ పెట్టేస్తున్నాను, పైకి వచ్చాక తీస్తున్నాను. అలా ఫోను చేసి చెప్పడం మొదలుపెట్టాక టికెట్ చేతులు మారిన సందర్భం మళ్లీ రాలేదు. కానీ ఆ మాట నేను ఫోనులో చెప్పాల్సిన అవసరమేముంది? ‘చేరాను’ నొక్కిన చోటే ‘కాసేపు సిగ్నల్ ఉండదు’ అనే ఒక బటన్ ఇస్తే చాలు.

నా వరకు ఈ యాప్‌కు మంచి మార్కులే. అయితే నేను గంటో రెండు గంటలో కింద ఉండి మళ్లీ సిగ్నల్‌లోకి వచ్చేవాణ్ణి. మా ఆఫీసులో టికెట్‌ను తిరిగి నా పేరు మీదికి మార్చే మనిషి ఫోను ఎత్తుతారు. రోజుల తరబడి సిగ్నల్ లేని చోట సర్వీసు చేసేవారికి, టికెట్లు తరచూ చేతులు మారే ఆఫీసుల్లో పనిచేసేవారికి ఇదే అనుభవం ఉంటుందని చెప్పలేను. మీ ఆఫీసు దీన్ని తీసుకుంటుంటే, టికెట్ వెనక్కి మార్చే అధికారం ఎవరి దగ్గర ఉంటుందో, సెలవు రోజుల్లో ఆ పని ఎవరు చూస్తారో ముందే అడిగి తెలుసుకోండి. ఆ ఒక్క మనిషి దొరకకపోతే ‘మళ్లీ పంపు’ బటన్ ఉన్నా సర్వర్ ఒప్పుకోదు.