మీమ్‌ల కోసం చిత్రానువాదం: రెండేళ్ల వాడకం తర్వాత

ఫోన్‌లోని చిత్రానువాద సౌకర్యాన్ని నేను రెండేళ్లకు పైగా దాదాపు రోజూ వాడుతున్నాను. ఆంగ్లంలో వచ్చే మీమ్‌లను ఆంగ్లం రాని మా నాన్నగారికి చూపించడం నా అవసరం. ఆ ఒక్క పనిలో అది ఎంతవరకు అక్కరకు వచ్చిందో, ఎక్కడ చేతులెత్తేసిందో మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

అది మొదట బొమ్మ మీది అక్షరాలను గుర్తుపడుతుంది, తర్వాత ఆ మాటలను అనువదిస్తుంది, చివరకు పాత అక్షరాలను చెరిపి అదే చోట తెలుగును పెడుతుంది. నల్లని అంచున్న లావాటి తెల్ల అక్షరాలను బాగానే చదువుతుంది గానీ, చేతులు మారీ మారీ మసకబారిన బొమ్మల్లో తడబడుతుంది. తెలుగు వాక్యం పొడవైతే అక్షరాలను కుదించేస్తుంది కాబట్టి వత్తులు కలిసిపోయి కనిపిస్తాయి. వీటితో సర్దుకుపోవచ్చు.

సర్దుకుపోలేనిది వాక్య క్రమం. మీమ్‌లో పై వరుస ఊరిస్తుంది, కింది వరుస నవ్విస్తుంది. ఒక మీమ్‌లో పైన ‘నేను ప్రశాంతంగా ఉన్నట్టు నటిస్తున్నాను’ అనే అర్థమిచ్చే ఆంగ్ల వాక్యం, కింద ‘ఫోన్ చార్జింగ్ 2 శాతం ఉన్నప్పుడు’ అనే ముక్క ఉన్నాయి. తెలుగులో ‘ఉన్నప్పుడు’ అనేది ముందు రావాలి. యంత్రం రెండింటినీ కలిపి ఒకే వాక్యంగా అనువదిస్తే చార్జింగ్ సంగతి పైకి ఎక్కి గుట్టు ముందే బయటపడుతుంది. విడివిడిగా అనువదిస్తే కింది ముక్క గాలిలో వేలాడుతుంది. ఇలాంటప్పుడు నేను పైన ‘నాకేం కంగారు లేదు’ అనీ, కింద ‘చార్జింగ్: 2 శాతం’ అనీ తిరగరాస్తాను. ఇక్కడ పోయింది వరుస మాత్రమే, హాస్యం కాదు. కాబట్టి ఇది బాగుచేయగల లోపం.

మాట మీద ఆడిన హాస్యం సంగతి వేరు. ఇద్దరు కూర్చునే భోజనాల బల్ల దగ్గర ఒక యువకుడు ముస్తాబై కూర్చున్నాడు. ఎదుటి కుర్చీలో ఒక ఖర్జూరం పండు ఉంది. పైన ‘ఫైనల్లీ గాట్ ఎ డేట్’ అని రాసి ఉంది. నా ఫోన్ దానిని ‘చివరకు తేదీ దొరికింది’ అని మార్చింది. నాన్నగారు కళ్లద్దాలు సవరించుకుని, ‘తేదీ దొరికితే ఖర్జూరాన్ని ఎందుకు కూర్చోబెట్టాడు?’ అని అడిగారు. ఆ ప్రశ్నే లోపాన్ని పట్టిచ్చింది: అనువాదంలోని ఏ మాటా బొమ్మలోని ముఖ్య వస్తువును తాకకపోతే, అక్కడ శ్లేష ఉండి ఉంటుందని అనుమానించాలి. అప్పుడు అనువాదాన్ని తొలగించి మూలంలోని మాటను నిఘంటువులో చూస్తాను. ‘డేట్’ అంటే తేదీ, ఖర్జూరం, మనసుపడ్డవారితో ఏర్పాటు చేసుకున్న కలయిక కూడా. కుర్రవాడు ఆశించింది మూడోది, దక్కింది రెండోది, యంత్రం ఎంచుకున్నది మొదటిది.

దీనిని తెలుగు చేయడం కుదరదు. డేట్‌కు వెళ్లడం అనే వాడుక మనకూ తెలుసు గానీ, ఖర్జూరాన్ని మనం డేట్ అనం; బొమ్మలో ఖర్జూరం ఉన్నందువల్ల వేరే శ్లేషతో నెట్టుకురావడానికీ వీలులేదు. అందుకని వివరిస్తాను: ముందు బొమ్మలో ఏముందో, తర్వాత ఆ మాటకున్న అర్థాలు, చివరకు అతను ఆశించిందేమిటో. ఈ వరుస తప్పితే వివరణ పాఠం అయిపోతుంది. ఆ రోజు నాన్నగారు ‘ఓహో’ అన్నారే గాని నవ్వలేదు.

శ్లేష అయినంత మాత్రాన వదులుకోనక్కరలేదు. భయంతో వణుకుతున్న క్యాలెండర్ బొమ్మ మీద ‘మై డేస్ ఆర్ నంబర్డ్’ అని ఉంటే, ఫోన్ ‘నా రోజులు లెక్కించబడ్డాయి’ అంది. ‘రోజులు లెక్కపెట్టుకుంటున్నాను’ అని మార్చగానే క్యాలెండర్‌కూ చావు భయానికీ ఒకే మాట సరిపోయింది. మన నుడికారం అదృష్టవశాత్తూ అక్కడే సిద్ధంగా ఉంది. యంత్రం దానిని అందుకోలేదు, అంతే.

తెలుగు నుంచి ఆంగ్లానికి వెళ్లినా ఇదే తంతు. అన్నదమ్ముల పంపకాల్లో చిన్నవాడి చేతిలో పాల ప్యాకెట్ పెట్టి, ‘ఆస్తిలో నా పాలు నాకిచ్చేశారు’ అని రాసిన మీమ్‌ను ఫోన్ ఆస్తిలోని క్షీరంగా మార్చేసింది. వాటా అని సరిచేస్తే ప్యాకెట్‌కు పనిలేదు, క్షీరం అని ఉంచితే ఆస్తికి పొంతన లేదు.

మొత్తానికి, మామూలు వాక్యాలున్న మీమ్‌లకు ఈ సౌకర్యాన్ని నిస్సంకోచంగా వాడవచ్చు. శ్లేష ఉన్నవాటికి మాత్రం అనువదించిన బొమ్మను పంపడం నేను మానేశాను. మూల చిత్రాన్ని అలాగే పంపి, కింద రెండు వాక్యాల వివరణ రాస్తున్నాను.