రిఫరెన్సులకి మార్కులు: కామాలు లెక్కపెట్టాలా, సోర్స్ తెరిచి చూడాలా? ఏది మేలు?

స్టూడెంట్ పేపర్లు దిద్దేటప్పుడు రిఫరెన్సుల విషయంలో ఎక్కువగా రెండు పద్ధతులు కనిపిస్తాయి. ఒకటి ఫార్మాట్ చూడటం, ఏపీఏ స్టైల్ ప్రకారం ఇటాలిక్స్ లేకపోతే అర మార్కు, కామా తప్పితే అర మార్కు. రెండోది ఓ నాలుగైదు సోర్సులు తెరిచి, పిల్లాడు రాసింది అందులో నిజంగా ఉందా లేదా చూడటం.

టీకాల మీద రెండు పేపర్లు వచ్చాయనుకోండి. మొదటిదాంట్లో ఎమ్ఎమ్ఆర్ టీకాకీ ఆటిజంకీ సంబంధం ఉందని రాసి లాన్సెట్‌లో 1998లో వచ్చిన వేక్‌ఫీల్డ్ పేపర్‌ని ఆధారంగా ఇచ్చారు, ఫార్మాట్‌లో వంక పెట్టడానికేం లేదు. రెండోదాంట్లో సంవత్సరాలు ఒకచోట బ్రాకెట్లో, ఇంకోచోట చివర్లో, గందరగోళం, కానీ ప్రతి మాటకీ సరైన సోర్స్ ఉంది. ఫార్మాట్ పద్ధతిలో మొదటివాడికే ఎక్కువ మార్కులు. అదే doi.org లో ఆ పేపర్ గుర్తింపు నంబర్, అంటే డీఓఐ, 10.1016/S0140-6736(97)11096-0 కొట్టి చూస్తే, 12 మంది పిల్లల మీద చేసిన ఆ స్టడీని 2010లోనే వెనక్కి తీసుకున్నారని టైటిల్ దగ్గరే కనిపిస్తుంది. దాన్ని ప్రస్తావించడం తప్పు కాదండీ, వెనక్కి తీసుకున్నారని చెప్పకుండా ఆధారంగా వాడటమే తప్పు. ప్లేజరిజం రిపోర్ట్ 8 శాతమే వచ్చింది కదా సార్ అంటారు కొందరు, అది వేరేచోట ఉన్న వాక్యాలు ఇందులో ఉన్నాయా అనే చూస్తుంది, సోర్స్ నిలబడుతుందా లేదా అనేది దానికి తెలీదు.

కాకపోతే రెండో పద్ధతికి టైం పడుతుంది, అరవై పేపర్లు ముందు పెట్టుకుని అన్నీ తెరవమంటే ఎవరివల్లా కాదు. అందుకే వాదన మొత్తం ఏ సోర్స్ మీద ఆధారపడిందో అదీ, గట్టి అంకెలు ఇచ్చినచోటా చూస్తే చాలు. ఎక్కువగా దొరికేది ఏంటంటే, అసలు పేపర్లో 'సంబంధం కనిపించింది' అని ఉంటే మనవాళ్ళు అబ్‌స్ట్రాక్ట్ చదివి 'దీనివల్లే అది వస్తుంది' అని రాసేస్తారు. డీఓఐ లేనంత మాత్రాన దొంగ సోర్స్ అనుకోకండి, పాత తెలుగు పుస్తకాలకీ చాలా ప్రభుత్వ రిపోర్టులకీ అది ఉండదు, టైటిల్ పెట్టి లైబ్రరీ కేటలాగ్‌లో వెతకాలి.

నా ఓటు రెండోదానికే, కానీ ఫార్మాట్‌ని పూర్తిగా వదిలేయను. 100లో రిఫరెన్సులకి 15 అనుకుంటే 3 ఫార్మాట్‌కి, 12 సోర్స్ సరిగ్గా వాడినందుకు. ఒకే ఫార్మాట్ తప్పు ఇరవైసార్లు చేసినా ఒక్కసారే కోయాలి, లేకపోతే కామాలకే మార్కులన్నీ పోతాయి. సోర్స్‌లో లేనిది ఉన్నట్టు రాస్తే ఆ 12లో గట్టిగా కోయాలి, వాదన దానిమీదే నిలబడితే కంటెంట్ మార్కులూ తగ్గుతాయి. ఇక ఎక్కడ వెతికినా ఆ పేపరే దొరకకపోతే అప్పుడే మార్కు కోయొద్దు, పిలిచి 'నువ్వు చదివిన కాపీ చూపించు' అనండి. సంవత్సరం తప్పు టైప్ చేసినవాడు అసలు కాపీ తెచ్చి చూపిస్తాడు. చూపించలేకపోతే అది ఈ 15 మార్కుల్లో తేలేది కాదు, కాలేజీ రూల్స్ ప్రకారం వెళ్ళాల్సిందే.