ఏరియేటర్ సామాన్ల చెక్‌లిస్టుకి VLOOKUP: మూడేళ్లు వాడాక

మాది భీమవరం దగ్గర, చెరువుల మీద ఏరియేటర్లు రిపేర్ చేసే షాపు. మూడేళ్లుగా సామాన్ల పేర్లు, రేట్లన్నీ Items అనే షీట్‌లో పెట్టుకుని, ఏ చెరువుకి వెళ్లాలంటే దానికో చెక్‌లిస్టు తీస్తున్నా, అందులో కోడ్, ఎన్ని కావాలో కొడితే చాలు, పేరు, రేటు వాటంతటవే వచ్చేస్తాయి. రేటుకి వాడేది ఇదే, పేరుకైతే 3 బదులు 2:

```
=VLOOKUP($A2,Items!$A:$C,3,FALSE)
```

చివర FALSE మాత్రం వదలొద్దండి, వదిలేస్తే కోడ్ దొరక్కపోయినా దగ్గర్లో ఉన్న వేరే సామాను రేటు తెచ్చి పెట్టేస్తుంది, చూడ్డానికి మామూలుగానే ఉంటుంది.

నన్ను బాగా తిప్పలు పెట్టింది 6205 బేరింగ్. డీలర్ పంపిన లిస్టులోంచి కాపీ చేసిన కోడ్లు టెక్స్ట్‌గా పడ్డాయి, నేను చెక్‌లిస్టులో కొట్టింది నంబర్, కళ్లకి రెండూ ఒకటే కానీ ఫార్ములాకి కాదు, #N/A ఇచ్చింది. అది చూడ్డానికి బాలేదని IFERROR పెట్టి సున్నా వచ్చేలా చేశా, అదే పెద్ద తప్పు, బేరింగ్‌ల డబ్బు లేకుండానే టోటల్ వచ్చేసింది, ఆ కాగితమే రైతుకి ఇచ్చేశా. ఎలైన్‌మెంట్ ఏమీ మార్చకపోతే టెక్స్ట్ సెల్‌లో ఎడమకి, నంబర్ కుడికి ఉంటుంది, అలా పట్టుకోవచ్చు. ఇప్పుడు రెండు షీట్లలోనూ BRG-6205 అని అక్షరాలతో కలిపి రాస్తున్నా, మళ్లీ ఆ గొడవ రాలేదు. IFERROR తీసేశా, #N/A కనపడితేనే మంచిది.

ఇంకోటి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఒకాయనకి 8 బేరింగులు, ఒక్కోటి 180 చొప్పున 1,440 అని లిస్టు ప్రింటు తీసిచ్చా. తర్వాత రేటు 210 అయితే Items లో మార్చా. ఆయన డబ్బు కట్టడానికి వచ్చినప్పుడు ఆయన పాత లిస్టు తెరిస్తే 1,680 చూపిస్తోంది. "ఏంటండీ, మొన్న పద్నాలుగొందల నలభై అన్నారు కదా, ఇదిగోండి కాగితం" అన్నాడు, ఆయన చెప్పింది నిజమే, నా లిస్టే మారిపోయింది. ఫార్ములా ఎప్పుడూ ఇవాళ్టి రేటే తెస్తుంది, అప్పటి రేటుని గుర్తుపెట్టుకోదు. 240 రూపాయలు నేనే వదిలేసుకున్నా.

అందుకని ఇప్పుడు రైతు ఒప్పుకోగానే రేటు కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి Ctrl+C కొట్టి, అక్కడే పేస్ట్ స్పెషల్‌లో Values పెడుతున్నా, ఫార్ములా పోయి ఆ రోజు రేటు నంబర్‌గా ఉండిపోతుంది. ఖాళీ చెక్‌లిస్టు మాత్రం ఫార్ములాలతో అదే ఫైల్‌లో వేరే షీట్‌గా ఉంచా, కొత్త చెరువుకి వెళ్లేటప్పుడు దాన్నే కాపీ చేసుకుంటా.